రిటైరయ్యాక ఒక పేజీ

ముప్పై అయిదేళ్లు తపాలా శాఖలో పనిచేసి, 60 నిండగానే పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు గారొకరు ఉన్నారనుకుందాం. పెన్షన్ వస్తోంది, పిల్లలు స్థిరపడ్డారు. మొదటి రెండు నెలలు తీర్థయాత్రలతోనూ బంధువుల ఇళ్లలో పెళ్లిళ్లతోనూ గడిచిపోతాయి. మూడో నెల నుంచి పేపరు తిరగేయడం పదింటికల్లా ముగుస్తుంది. ఆ తర్వాత ఇంట్లో ఆయన ఎక్కడ కూర్చున్నా ఎవరికో ఒకరికి అడ్డమే. ఆఫీసు ఆయనకు ఇచ్చింది జీతం ఒక్కటే కాదు. రోజుకు ఇంత అని పని ఉండేది. చేసిన పనిని పైవాళ్లు చూసేవాళ్లు, తప్పుంటే తిప్పి పంపేవాళ్లు. మనిషికి వెలితిగా అనిపించేది ఎక్కువగా ఈ రెండోదే. నడకకు వెళ్లండి, భగవద్గీత చదువుకోండి అని సలహా ఇచ్చేవాళ్లకు ఇది తట్టదు. నడకలో తప్పు దిద్దేవాళ్లెవరూ ఉండరు.

తెలుగు బాగా చదవగలిగిన వాళ్లకు ఈ రెండూ దొరికే చోటు ఒకటుంది. అది తెలుగు వికీసోర్స్, చిరునామా te.wikisource.org. కాపీరైటు తీరిపోయిన పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, అక్షరాలుగా మార్చి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉంచే గ్రంథాలయం ఇది. మన దేశంలో రచయిత జీవించి ఉండగా వెలువడిన పుస్తకానికి ఆయన చనిపోయిన ఏడాది ముగిశాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు. అందుకే 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడెమీ బహుమతి తెచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 2014 జనవరి 1 నుంచి అందరిదీ అయింది. వీరేశలింగం, గురజాడ, చిలకమర్తి పుస్తకాలకు ఆ గడువు ఎప్పుడో దాటింది.

స్కాన్ చేసిన పేజీ బొమ్మే తప్ప అక్షరాలు కాదు. దాన్ని యంత్రం చదివి అక్షరాలుగా మారుస్తుంది. ఇంగ్లీషు సంగతి ఎలా ఉన్నా, పాత తెలుగు అచ్చు దగ్గర యంత్రం తరచూ తడబడుతుంది. వత్తులు రాలిపోతాయి. ‘మ’ కాస్తా ‘య’ అవుతుంది, ‘ధ’ కింది గీత మాయమై ‘ద’గా మిగులుతుంది. అరసున్న ఒక్కోసారి బ్రాకెట్టుగా మారిపోతుంది. పుటకు రెండు వరుసలుగా అచ్చయిన పద్యాలైతే ఎడమ పద్యం పాదం కుడి పద్యం పాదంలో కలిసిపోతుంది. ఇవన్నీ దిద్దడానికి మనిషి కావాలి.

పని తీరు ఇలా ఉంటుంది. ముందు సభ్యుడిగా ఖాతా తెరవాలి, డబ్బేమీ కట్టనక్కరలేదు. ఒక పుస్తకం ‘సూచిక’ పేజీ తెరిస్తే ఆ పుస్తకంలోని పుటల అంకెలన్నీ వరసగా, రంగురంగుల్లో కనిపిస్తాయి. ఎరుపు అంటే ఇంకా ఎవరూ దిద్దలేదని అర్థం. ఎర్ర అంకె మీద నొక్కి ‘సవరించు’ తెరిస్తే ఒక పక్క అచ్చు పేజీ బొమ్మ, ఇంకో పక్క యంత్రం చదివిన పాఠం వస్తాయి. వాటిని పోల్చుకుంటూ దిద్దాలి. అచ్చులో పంక్తి చివర విరిగిన మాటను కలిపేయాలి, పేరా మారిన చోట ఒక ఖాళీ పంక్తి వదలాలి. పూర్తయ్యాక పసుపు గుర్తు పెట్టి భద్రపరచాలి. బొమ్మా పాఠమూ పక్కపక్కన కనబడాలి కాబట్టి దీనికి ఫోన్ ఇరుకు. లాప్‌టాప్ గానీ కంప్యూటర్ గానీ ఉండాలి.

ఆ పేజీని ఆకుపచ్చగా మార్చే అధికారం మాత్రం మీకు లేదు. ఇంకో సభ్యుడు మొదటి నుంచి చదివి, సరిపోయిందనుకుంటేనే అది ఆకుపచ్చ అవుతుంది. మన పోస్టుమాస్టరు గారికి పనికొచ్చే మెలిక ఇదే. ఆయన దిద్దిన పేజీని ఎక్కడో విశాఖలోనో, అమెరికాలోనో ఉన్న మనిషి చూస్తాడు. ఆ పేజీ ‘చరిత్ర’ తెరిస్తే ఆ రెండో మనిషి ఏయే అక్షరాలు మార్చాడో తెలుస్తుంది. ఒకటీ అరా మార్పులుంటే బాగానే చదువుతున్నట్టు. ప్రతి పేరాలోనూ ఉంటే తొందరపడుతున్నట్టు. సందేహమొస్తే చర్చ పేజీలో అడగవచ్చు. మాట అక్కడే మొదలవుతుంది. ‘ఱ’ గురించి మొదలైన మాట ఊళ్ల గురించీ ఉద్యోగాల గురించీ సాగినా ఆశ్చర్యం లేదు.

బాగా చదువుకున్నవాళ్లు రెండు చోట్ల జారతారు. మొదటిది, వేగంగా చదవడం. అర్థం ముందే తెలిసిపోతుంది కాబట్టి మనసు తప్పు మాటను కూడా ఒప్పుగానే చూపిస్తుంది. దీనికి మందు పాత ప్రెస్సుల్లో ఉండేది. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూసేవారు. ఇంట్లో ఒక్కరే ఉంటే గొంతు విప్పి, మాట మాటకూ ఆగి చదవాలి. రెండోది, రచయితను దిద్దబోవడం. తెలుగు మాస్టార్లకు ఇది మరీ కష్టం. అచ్చులో ‘వ్రాసినాఁడు’ అని ఉంటే అలాగే ఉండాలి, ‘రాశాడు’ అని మార్చకూడదు. రచయిత వ్యాకరణం తప్పినట్టు మీకు అనిపించినా ముట్టుకోకూడదు. దిద్దాల్సింది యంత్రం తప్పులనే. పద్ధతిగా పనిచేసిన గుమాస్తాలకు ఈ నియమం ఇట్టే పడుతుందనీ, పండితులకు పట్టదనీ నా అనుమానం.

కొత్తలో ఒక పేజీకి అరగంట పట్టినా పట్టవచ్చు. అందుకని మొదటి నెల రోజుకు ఒక్క పేజీ చాలు. అది కూడా ఒకే వేళకు, ఉదయం కాఫీ తర్వాత అనుకుంటే కాఫీ తర్వాతే. పద్యాల పుస్తకం, పట్టికలున్న పుస్తకం మొదటే ఎత్తుకోవద్దు. వచనం, అందులోనూ స్వీయచరిత్రలాంటిది అయితే తర్వాతి పేజీలో ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రం మర్నాడు కుర్చీలో కూర్చోబెడుతుంది. టైపింగు రాదని భయపడేవాళ్లు గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ పేజీ మొత్తం కొట్టనక్కరలేదు, తప్పున్న అక్షరాలే మార్చాలి. కళ్లు మంటపుడితే ఆపేయాలి. శుక్లం ఉంటే ఆపరేషన్ అయ్యాకే మొదలుపెట్టడం మంచిది.

ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. తెర మీద పరిచయాలు ఎన్ని కలిగినా పక్కన మనిషి కూర్చున్నట్టు ఉండదు. అందుకే ఇది ఇద్దరు కలిసి చేయాలంటాను. వారానికి రెండు రోజులు మీ ఊరి శాఖా గ్రంథాలయంలోనో, పెన్షనర్ల సంఘం గదిలోనో ఒక లాప్‌టాప్ ముందు ఇద్దరు కూర్చోండి. చూపు బాగున్నవారు బొమ్మ చూసి పైకి చదవాలి, రెండోవారు చెవితో వింటూ పాఠంలో వేలు పెట్టి వెళ్లాలి. తప్పు దొరికిన చోట ఆగుతారు, ఆ మాట అర్థం దగ్గర వాదన వస్తుంది, టీ వస్తుంది. కంప్యూటర్ అంటే బెరుకున్న మిత్రుడు కూడా చదివే పని ఇస్తే వచ్చేస్తాడు. భార్యాభర్తలు చేసినా ఇబ్బంది లేదు, కాకపోతే ఎవరు చదవాలన్నది ముందే తేల్చుకోండి.

ప్రతి జనవరి 1న మరికొందరు రచయితల పుస్తకాలకు 60 ఏళ్ల గడువు తీరుతుంది. 1965లో చనిపోయినవాళ్ల రచనలు 2026 జనవరి 1కి ఆ జాబితాలో చేరాయి. ఎర్ర అంకెలు ఇప్పట్లో తరిగేవి కావు. ఈ వారం మీ స్నేహితుల్లో ఒకరికి ఫోన్ చేసి, ఒక సూచిక తెరిచి, ఏ పుస్తకం ఎత్తుకోవాలో ఇద్దరూ మాట్లాడుకోండి.