రికార్డర్‌కు అందనిది డైరీలో

బ్రోనిస్లావ్ మాలినోవ్‌స్కీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇప్పటి పాపువా న్యూగినీలోని ట్రోబ్రియాండ్ దీవులకు వెళ్లారు. అక్కడివాళ్ల మధ్యే డేరా వేసుకుని ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, 1922లో ఆయన వెలువరించిన పుస్తకం ఫీల్డ్‌వర్క్ ఎలా చెయ్యాలో తరతరాల విద్యార్థులకు నేర్పింది. ఆయన 1942లో పోయారు. పాతికేళ్ల తర్వాత, 1967లో, పోలిష్ భాషలో రాసుకున్న ఆయన సొంత డైరీలను ఆయన భార్య ఇంగ్లిష్‌లో అచ్చు వేయించారు. వాటిలో ఒంటరితనం ఉంది, జబ్బు భయం ఉంది, ఇంటి మీద బెంగ ఉంది. ఏ మనుషుల గురించి అంత గొప్పగా రాశారో ఆ మనుషుల మీదే చిరాకు, దూషణ కూడా ఉన్నాయి.

మానవశాస్త్రవేత్తల్లో పెద్ద దుమారమే రేగింది. ఇంత చిరాకుతో ఉన్న రోజున ఆయన ఎవరిని పలకరించి ఉంటారు, ఎవరిని వదిలేసి ఉంటారు? పుస్తకంలో ఆ జాడ ఎక్కడుంది? ఈ ప్రశ్నలు ఒక్క మాలినోవ్‌స్కీతో ఆగేవి కావు. మనుషుల దగ్గర కూర్చుని, వాళ్ల మాటలు విని, ఆ మాటల మీదే థీసిస్ రాసే ప్రతి ఒక్కరికీ వర్తిస్తాయి. గుణాత్మక పరిశోధనలో కొలిచే సాధనం పరిశోధకుడే. ఆ సాధనం ఏ రోజు ఎలా పనిచేసిందో రాసి పెట్టకపోతే, అది ఇచ్చిన ఫలితాన్ని తూచడానికి దారి ఉండదు. 1985లో లింకన్, గూబా అనే ఇద్దరు పరిశోధకులు గుణాత్మక పరిశోధన నమ్మదగినదని చూపే మార్గాల్లో ఒకటిగా ఇలాంటి స్వీయ పరిశీలన డైరీని సూచించారు.

అలాంటి డైరీ ఎలా పనికొస్తుందో చూడటానికి ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక విద్యార్థిని డ్వాక్రా సంఘాల అప్పుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. బ్యాంకు కిస్తీ కట్టడానికి ఇంట్లో ఏం సర్దుబాట్లు చేసుకుంటున్నారన్నది ఆమె ప్రశ్న. ఒక ఊళ్లో ఇరవై మంది మహిళలతో మాట్లాడి, రికార్డు చేసి, అన్నీ అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టింది. పన్నెండు మంది "మాకేం ఇబ్బంది లేదమ్మా, నెలనెలా కట్టేస్తున్నాం" అన్నారు. ఎనిమిది మంది బంగారం తాకట్టు పెట్టామనో, వడ్డీకి తెచ్చి కట్టామనో చెప్పారు. ఈ మాటలే చేతిలో ఉంటే, ఎక్కువ మందికి కష్టం లేదని రాసేస్తుంది. అది న్యాయమైన ముగింపులాగే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆమె డైరీ తీస్తుంది. మొదటి వారం పేజీల్లో ఇలా ఉంది: "ఉదయం పదిన్నర. సంఘం లీడర్ గారే వెంట ఉండి తీసుకెళ్లారు. నేను మంచం మీద, లీడర్ నా పక్కన, ఆవిడ గుమ్మంలో నిలబడే ఉంది. అప్పు సంగతి అడగ్గానే ముందు లీడర్ వైపు చూసి, తర్వాత జవాబు చెప్పింది." రెండో వారానికి లీడర్ కూతురి పెళ్లి పనుల్లో పడ్డారు. విద్యార్థిని ఒక్కతే తిరిగింది. పేజీలన్నీ వరుసగా చదివితే, ఇబ్బంది లేదన్న పన్నెండు మందిలో పది మంది దగ్గర లీడర్ కూర్చుని ఉన్నారని తేలింది. కష్టం చెప్పుకున్న ఎనిమిది మంది దగ్గరా లీడర్ లేరు.

రికార్డర్ మాటను పట్టుకుంది. ఆ మాట ఎవరి ముందు పుట్టిందో డైరీ పట్టుకుంది. దీంతో ఆమె చేసే పని మారిపోతుంది. ఇరవై ఇంటర్వ్యూలనూ "లీడర్ ఉన్నప్పుడు", "లీడర్ లేనప్పుడు" అని రెండు కట్టలుగా విడదీసి మళ్లీ చదువుతుంది. వీలైన ఇళ్లకు ఒంటరిగా మరోసారి వెళుతుంది. అన్నింటికన్నా ముఖ్యంగా, కిస్తీ కష్టం గురించి సంఘం పెద్దల ముందు ఎందుకు మాట్లాడలేరన్నదే థీసిస్‌లో ఒక కొత్త అధ్యాయం కావచ్చు.

ఇక్కడ ఒక హద్దు గుర్తుంచుకోవాలి. లీడర్ లేనప్పుడు చెప్పిందే నిజం, ఉన్నప్పుడు చెప్పింది అబద్ధం అని డైరీ రుజువు చెయ్యదు. అదే డైరీలో ఇంకో పేజీ ఉంది: "లోను మాఫీ అవుద్దా అమ్మా అని ముగ్గురు అడిగారు. నన్ను ఆఫీసు మనిషి అనుకుంటున్నారు." అలా అనుకున్నవాళ్లు కష్టాన్ని కొంచెం పెంచి చెప్పి ఉండొచ్చు. ఏ మాట ఏ పరిస్థితిలో వచ్చిందో చూపించడం వరకే డైరీ పని. తీర్పుకు మరో ఆధారం కావాలి. ఈ ఉదాహరణలో అది సంఘం పొదుపు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్కు.

ఇంత పనికొచ్చే డైరీని రాసే పద్ధతి కష్టమైనది కాదు కానీ క్రమశిక్షణ అడుగుతుంది. ఊళ్లో ఉన్నంతసేపు చిన్న పుస్తకంలో పొడిమాటలే రాసుకోవాలి: టైము, చోటు, ఎవరున్నారు, చెవిన పడ్డ ఒకటి రెండు అసలు మాటలు. ఆ రాత్రే, నిద్రపోకముందే, వాటిని పూర్తి వాక్యాలుగా విప్పాలి. ఆలోగా మిత్రులకు ఆ రోజు కబుర్లు చెప్పకపోవడం మంచిది. ఒకసారి కథగా చెప్పాక, జరిగింది పోయి మనం చెప్పిన కథే గుర్తుంటుంది.

రాసేటప్పుడు పాయలు విడదియ్యాలి. 1973లో షాట్జ్‌మన్, స్ట్రాస్ మూడు రకాల నోట్సు చెప్పారు: కళ్లతో చూసింది, దాని మీద తోచిన అర్థం, పద్ధతిలో తాను తీసుకున్న నిర్ణయం. చాలామంది దీనికి నాలుగోది, తన మనసు స్థితి, కలుపుతారు. "ఆవిడ భయపడింది" అన్నది చూసింది కాదు, మన అర్థం. "లీడర్ వైపు చూసి, గొంతు తగ్గించింది" అన్నది చూసింది. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతే ఆరు నెలల తర్వాత విడదియ్యడం ఎవరి తరమూ కాదు. ఎడమ పేజీ చూసినదానికి, కుడి పేజీ మిగతావాటికి ఉంచితే సులువు.

డైరీ పాడైందని తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. వారం రోజులవి ఒకేసారి రాసినట్టుంటే, అందులో తేదీలున్నా రోజులుండవు. ప్రతి పేజీలోనూ "ఇంటర్వ్యూ బాగా జరిగింది" అనే ఉంటే, ఏం జరిగిందో రాయలేదని అర్థం. పేజీల నిండా తన బాధే ఉండి ఊరు కనిపించకపోతే, అది సొంత డైరీయే తప్ప పరిశోధన డైరీ కాదు. పాత అభిప్రాయం తప్పని తర్వాత తోస్తే కొట్టెయ్యకూడదు. పక్కన వేరే రంగు సిరాతో, ఆనాటి తేదీ వేసి, కొత్త ఆలోచన రాయాలి. మనసు ఎప్పుడు, దేనివల్ల మారిందో థీసిస్‌లో చూపించడానికి అదే సాక్ష్యం.

భద్రత సంగతి కూడా ఉంది. అసలు పేర్ల బదులు మారుపేర్లు రాసి, ఏ పేరు ఎవరిదో తెలిపే చీటీని వేరే చోట దాచాలి. రెండో ప్రతి వేరే ఊళ్లో ఉండాలి. మైసూరు దగ్గరి ఒక పల్లె మీద ఎం.ఎన్. శ్రీనివాస్ ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970లో అమెరికాలో ఒకే మంటలో కాలిపోయాయి. ఆయన తన ప్రసిద్ధ గ్రంథాన్ని చాలావరకు జ్ఞాపకం మీద ఆధారపడి రాయాల్సి వచ్చింది.

డైరీని ఫీల్డ్‌వర్క్ అయ్యాక అటక మీద పెట్టకండి. ఇంటర్వ్యూలను కోడింగ్ చేసినట్టే డైరీ పేజీలనూ కోడింగ్ చేయండి. ప్రతి ఇంటర్వ్యూ పక్కన ఆ రోజు పేజీని పెట్టుకుని చదవండి. పద్ధతుల అధ్యాయంలో "నేను నిష్పక్షపాతంగా ఉన్నాను" అని ఒక వాక్యం రాసే బదులు, మీరు అక్కడ ఉండటం వల్ల ఏ జవాబు ఎలా మారిందో రెండు పేజీల నిదర్శనాలతో చూపండి. గైడ్లు కూడా ట్రాన్స్‌క్రిప్టుల కంటే ముందు డైరీ సంగతి అడగాలి. తమ ఇంటి గుట్టు విప్పి చెప్పినవాళ్ల మాటకు అన్యాయం జరగకుండా చూసే బాధ్యత విన్నవాళ్లదే.