ఇంటి పెరుగు – ప్రోబయోటిక్ గుళికలు: వ్యాయామసాధకుల జీర్ణక్రియపై వాటి ప్రభావం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వ్యాయామం చేసేవారిలో కడుపుబ్బరం, పేగుల నొప్పి, విరేచనాలు సాధారణంగా కనిపించే ఇబ్బందులు. వీటికి పరిష్కారంగా ప్రోబయోటిక్ గుళికలు విక్రయమవుతున్నాయి. ఇంటి పెరుగు ఉండగా ఇవి అవసరమా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రెండింటి మధ్య ప్రధానభేదం సూక్ష్మజీవుల సంఖ్యలో కాక, వాటి గుర్తింపులో ఉందని, ఇబ్బందికి కారణమేమిటో తేలితేనే దేనిని ఎంచుకోవాలో నిర్ణయించగలమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పెరుగు, ప్రోబయోటిక్, స్ట్రెయిన్, లాక్టోజ్, వ్యాయామం, జీర్ణక్రియ.

1. ఉపోద్ఘాతం:

తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులను ప్రోబయోటిక్కులు అంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2001లో ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఈ భావనను నిర్వచించింది. ఈ నిర్వచనంలో మూడు షరతులున్నాయి. సూక్ష్మజీవి ప్రాణంతో ఉండాలి, మోతాదు తెలియాలి, మేలు నిరూపితం కావాలి. ఇంటి పెరుగు మొదటి షరతును తీరుస్తుంది కాని, మిగిలిన రెండింటినీ కచ్చితంగా తీర్చలేదు. అందువల్ల శాస్త్రపరిభాషలో అది ప్రోబయోటిక్ కాదు, సజీవ సూక్ష్మజీవులు గల పులిసిన ఆహారం. అయితే, ప్రోబయోటిక్ కానంత మాత్రాన అది జీర్ణక్రియకు ఉపకరించదని భావించరాదు.

2. సంఖ్య కాదు, గుర్తింపు:

గుళికల డబ్బాలపై సూక్ష్మజీవుల సంఖ్య పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. తాజా పెరుగులో గ్రాముకు 10 కోట్ల లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఉన్నాయనుకుంటే, 200 గ్రాముల గిన్నెడు పెరుగులో 2,000 కోట్లు ఉంటాయి. చాలా గుళికలు ఇచ్చే సంఖ్య ఇంతకు మించదు. కనుక సంఖ్యను బట్టి గుళికను గొప్పదనడం సరికాదు.

అసలు భేదం ఆ సూక్ష్మజీవులు ఎవరన్నదే. నిన్నటి పెరుగును నేటి పాలలో తోడు వేసినప్పుడు అందులో లాక్టోకాకస్, స్ట్రెప్టోకాకస్, లాక్టోబాసిల్లస్ వర్గాల బాక్టీరియాతోపాటు ఒక్కొక్కప్పుడు ఈస్టులు కూడా పెరుగుతాయి. వాటి పాళ్లు తోడును బట్టి, పాల వేడిని బట్టి, ఋతువును బట్టి మారుతాయి. వేసవిలో త్వరగా పులిసే పెరుగు, చలికాలంలో ఆలస్యంగా తోడుకునే పెరుగు ఒకే సూక్ష్మజీవుల సముదాయం కావు. గుళికలో మాత్రం ఎంపిక చేసిన స్ట్రెయిన్ ఉంటుంది. ఒకే జాతికి చెందిన రెండు స్ట్రెయిన్ల గుణాలు వేరుగా ఉండవచ్చు. అందుచేత ‘లాక్టోబాసిల్లస్ రామ్నోసస్’ అని జాతి పేరు మాత్రమే ముద్రించిన గుళికకు, ‘లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ’ మీద జరిగిన పరిశోధన ఫలితాలను ఆపాదించలేము. స్ట్రెయిన్ గుర్తు లేని గుళిక ఖరీదైనదే కాని, గుర్తింపు విషయంలో ఇంటి పెరుగు కంటే మెరుగైనది కాదు.

3. వ్యాయామసాధకులపై జరిగిన పరిశోధనలు:

దీర్ఘదూరపు పరుగులో రక్తం కండరాలకు, చర్మానికి మళ్లి, పేగులకు ప్రసరణ బాగా తగ్గుతుంది. శరీరోష్ణం పెరిగి పేగుల లోపలి పొర బలహీనపడుతుంది. పరుగు చివరిభాగంలో వికారం, కడుపునొప్పి కలగడానికి ఇది ఒక ప్రధానకారణం.

ఈ స్థితిలో గుళికల ప్రభావాన్ని ఇంగ్లండులో 24 మంది మారథాన్ పరుగరులపై పరీక్షించి, ఫలితాలను 2019లో ప్రచురించారు. సగం మంది 28 రోజులపాటు రోజుకు 2,500 కోట్ల సూక్ష్మజీవులు గల గుళిక, మిగిలిన సగం మంది ఔషధగుణం లేని గుళిక తీసుకున్నారు. గుళిక తీసుకున్నవారిలో పరుగు చివరి మూడోవంతులో జీర్ణసంబంధ ఇబ్బందుల తీవ్రత తక్కువగా ఉంది, వేగం తగ్గడం కూడా తక్కువే. కాని పరుగు ముగించిన మొత్తం సమయంలో ఇరువర్గాల మధ్య తేడా లేదు. అంతకుముందు, 2007లో వెలువడిన ఫిన్లండు పరిశోధనలో 141 మంది పరుగరులు పాల్గొన్నారు. వారిలో ఒక వర్గానికి మూడు నెలలపాటు పైన పేర్కొన్న జీజీ స్ట్రెయిన్ ఇచ్చినా, ఇబ్బందులు కలిగిన సందర్భాల సంఖ్య తగ్గలేదు. మారథాన్ తరువాతి రెండు వారాల్లో ఆ ఇబ్బందులు కొనసాగిన కాలం మాత్రం రెండో వర్గంలో 2.3 రోజులు కాగా, ఈ వర్గంలో ఒక రోజే.

ఈ రెండింటి నుండి తేలేది పరిమితమైన మేలు. అది దీర్ఘదూరపు పరుగరులకు, వారాల తరబడి ముందుగా వాడినప్పుడు, నిర్దిష్ట స్ట్రెయిన్లతో లభించినది. వ్యాయామశాలలో బరువులెత్తేవారికి దీనిని యథాతథంగా అన్వయించడానికి వీలులేదు.

4. ఒక ఉదాహరణ:

బరువులెత్తే ఒక యువకుడు వ్యాయామం ముగిసిన వెంటనే 400 మిల్లీలీటర్ల పాలలో 30 గ్రాముల వే ప్రోటీన్ కాన్సెంట్రేట్ పొడి కలుపుకొని తాగుతున్నాడనుకుందాం. గంట, రెండు గంటల్లో కడుపుబ్బరం, గ్యాసు మొదలవుతున్నాయి. ఆ పాలలో సుమారు 19 గ్రాములు, పొడిలో సుమారు 2 గ్రాములు, వెరసి 21 గ్రాముల లాక్టోజ్ ఒక్కసారిగా పేగులలో చేరుతోంది. లాక్టేజ్ ఎంజైము తక్కువగా ఉన్నవారిలో ఎక్కువమంది ఒక విడతకు 12 గ్రాముల వరకే ఇబ్బంది లేకుండా తట్టుకోగలరు. దక్షిణభారతీయ వయోజనుల్లో ఈ ఎంజైము లోపం విస్తారంగా ఉంది. ఇక్కడ దోషం సూక్ష్మజీవుల కొరత కాదు, చక్కెర మోతాదు. దానికి గుళిక సరైన సమాధానం కాదు.

ఈ సందర్భంలో పెరుగుకు స్పష్టమైన ఆధారం ఉంది. పాలు తోడుకునేటప్పుడే లాక్టోజులో కొంతభాగం ఆమ్లంగా మారుతుంది. మిగిలినదానిని విడగొట్టే ఎంజైమును బాక్టీరియా తమ కణాలలో దాచుకొని చిన్నపేగు వరకు తెస్తాయి. అక్కడ పిత్తరసం ఆ కణాలను ఛేదించి ఎంజైమును వెలికి తెస్తుంది. గ్రాముకు 10 కోట్ల సజీవ యోగర్ట్ బాక్టీరియా ఉన్నప్పుడు ఈ మేలు జరుగుతుందన్న వాదాన్ని ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2010లో ఆమోదించింది. పెరుగును మరిగిస్తే ఈ బాక్టీరియా నశిస్తాయి కనుక, మజ్జిగపులుసుకు ఈ గుణం వర్తించదు.

కనుక అతడు మొదటి రెండు వారాలు పొడిని నీటిలో కలుపుకోవాలి. పాలకు బదులు రెండుపూటలా భోజనంలో 150 గ్రాముల చొప్పున తాజా పెరుగు తీసుకోవాలి. పాలు మానడం వల్ల తగ్గే 13 గ్రాముల మాంసకృత్తులలో సుమారు 10 గ్రాములు దీనితో తిరిగి లభిస్తాయి. రోజూ ఉబ్బరం తీవ్రతను 0 నుండి 10 వరకు అంకెతో నమోదు చేయాలి. అంకె స్పష్టంగా తగ్గితే కారణం లాక్టోజేనని భావించవచ్చు. తగ్గకపోతే ప్రోటీన్ బార్లలోని మాల్టిటాల్, సార్బిటాల్ వంటి తీపి పదార్థాలను మాని చూడాలి. ఆ తరువాతనే స్ట్రెయిన్ గుర్తు గల ఒక గుళికను, మరే మార్పూ చేయకుండా, నాలుగు వారాలు వాడి అదే అంకెతో పోల్చాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

5. పరిమితులు:

పెరుగులో బుడగలు, ఈస్టు వాసన, రంగు బూజు కనిపిస్తే దానిని పారవేసి కొత్త తోడు తెచ్చుకోవాలి. తీగలు సాగడం మాత్రమే చెడిపోయిన లక్షణం కాదు. కొన్ని లాక్టిక్ బాక్టీరియా తయారుచేసే జిగురు పదార్థం వల్ల కూడా అలా సాగుతుంది. రోగనిరోధకశక్తి బాగా క్షీణించినవారు వైద్యుని అనుమతి లేకుండా గుళికలు వాడరాదు. మలంలో రక్తం, అకారణంగా బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే విరేచనాలు ఉంటే పెరుగుతోగాని, గుళికతోగాని ప్రయోగాలు చేయక వెంటనే వైద్యుని సంప్రదించాలి.

6. ముగింపు:

పాల చక్కెర వల్ల కలిగే ఇబ్బందికి ఇంటి పెరుగు అనువైనది, దానికి శాస్త్రీయ ఆధారం ఉంది. దీర్ఘదూరపు పరుగు వల్ల కలిగే ఇబ్బందికి కొన్ని నిర్దిష్ట స్ట్రెయిన్ల గుళికలు కొంతమేరకు ఉపకరించవచ్చు. ఈ రెండు వర్గాలకూ చెందని సాధకునికి, ఇబ్బందే లేని సాధకునికి గుళిక జీర్ణశక్తిని పెంచుతుందని పైన పరిశీలించిన ఆధారాలు నిరూపించవు.