మెయిల్ తెరవకముందే చదివే ఆ ఒక్క లైను

ఫోన్‌లో ఇన్‌బాక్స్ తెరిస్తే ఒక్కో మెయిల్‌కు మూడు విషయాలు కనిపిస్తాయి: పంపినవారి పేరు, సబ్జెక్టు, దాని పక్కనో కిందనో లేత అక్షరాల్లో ఒక లైను. ఆ లేత లైనే ప్రివ్యూ టెక్స్ట్. దాన్ని విడిగా రాయకపోతే మెయిల్ యాప్ ఉత్తరంలో మొదట దొరికిన మాటలనే తీసుకొచ్చి అక్కడ పెడుతుంది. చిక్కంతా ఇక్కడే.

ఒక స్కూలు తల్లిదండ్రులకు స్కాలర్‌షిప్ గురించి మెయిల్ పంపిందనుకుందాం. సబ్జెక్టు "ముఖ్య గమనిక". దాని పక్కన "ఈ మెయిల్ సరిగా కనిపించకపోతే ఇక్కడ నొక్కండి. గౌరవనీయులైన తల్లిదండ్రులకు..." అని కనిపిస్తోంది. పత్రాలకు శుక్రవారమే ఆఖరు అన్న సంగతి నాలుగో పేరాలో ఉంది. పనిలో ఉన్న తండ్రి "తర్వాత చూద్దాంలే" అనుకుంటాడు. శనివారం తెరిచి చూసేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

అదే మెయిల్‌ను ఇలా పంపొచ్చు. సబ్జెక్టు: "స్కాలర్‌షిప్ ఫారాలకు శుక్రవారం ఆఖరు". ప్రివ్యూ: "ఆదాయ సర్టిఫికెట్, మార్కుల మెమో జిరాక్సులు ఆఫీసులో ఇవ్వండి". సబ్జెక్టు ఏమిటో, ఎప్పటిలోగానో చెప్పింది. ప్రివ్యూ ఏం చేయాలో చెప్పింది. చెప్పిందే మళ్లీ చెబితే ఆ జాగా వృథా.

మామూలు మెయిల్‌లో ప్రివ్యూకు వేరే చోటంటూ ఉండదు, మొదటి వాక్యమే ప్రివ్యూ. కాబట్టి పిలుపును ఒకట్రెండు మాటల్లో ముగించి, వెంటనే అసలు సంగతికి రావాలి. మెయిల్‌చింప్ లాంటి సర్వీసుల్లో సబ్జెక్టుతో పాటు Preview Text అనే గడి ఉంటుంది. సొంతంగా హెచ్‌టీఎంఎల్ రాసేవాళ్లు `<body>` మొదలవగానే, లోగో కంటే ముందు, ఇలా పెడతారు:

```html
<div style="display:none">ఆదాయ సర్టిఫికెట్, మార్కుల మెమో జిరాక్సులు ఆఫీసులో ఇవ్వండి.</div>
```

ఇది ఉత్తరంలో కనిపించదు, ఇన్‌బాక్స్‌లో మాత్రం కనిపిస్తుంది. మరీ పొట్టిగా రాస్తే మిగిలిన జాగాలోకి తర్వాతి మాటలు, అంటే ఆ "ఇక్కడ నొక్కండి" కూడా, వచ్చి చేరతాయి.

ఎంత పొడవు కనిపిస్తుందన్నది ఫోన్‌ను, యాప్‌ను బట్టి మారుతుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ సబ్జెక్టును, ప్రివ్యూను ఒకే వరుసలో చూపిస్తుంది. సబ్జెక్టు పొడుగైతే ప్రివ్యూకు చోటు తగ్గుతుంది. ఐఫోన్ మెయిల్‌లో ఎన్ని లైన్లు కనిపించాలో వాడేవాళ్లే సెట్టింగ్స్‌లో ఎంచుకోవచ్చు, అసలు వద్దని కూడా పెట్టుకోవచ్చు. అందుకే ముఖ్యమైన మాట మొదటి నాలుగైదు పదాల్లోనే రావాలి. గడువులాంటిది సబ్జెక్టులోనే ఉండాలి, ప్రివ్యూ మీద వదిలేయకూడదు.

ఇంకో జాగ్రత్త. ఈ లైను లాక్ వేసిన ఫోన్ తెర మీద కూడా కనిపించొచ్చు. పిల్లల మార్కులు, జబ్బు వివరాలు, ఫీజు బకాయిలు ఇక్కడ రాయకూడదు.

అందరికీ పంపేముందు ఆ మెయిల్‌ను సొంత అడ్రసుకు ఒకసారి పంపుకోవాలి. ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెరవకుండానే చూడాలి. ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో ఆ జాబితాలోనే తెలిసిపోతే మెయిల్ సిద్ధమైనట్టే.