నిన్నటి లెక్క దానికి తెలియదు

పదో తరగతి పిల్లల ముందు చాట్‌బాట్ గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు నేను ఒక ఆటతో మొదలుపెడతాను. ఫోన్‌లో కొత్త చాట్ తెరిచి, “1 నుంచి 100 లోపు ఒక సంఖ్య మనసులో అనుకో, బయటికి చెప్పొద్దు, మేం కనిపెడతాం” అని రాయమంటాను. “సరే, అనుకున్నాను, అడగండి” అని జవాబు వస్తుంది. క్లాసంతా ఉత్సాహంగా 50 అంటారు, ఇంకా పెద్దది అంటుంది. 75 అంటారు, చిన్నది అంటుంది. నాలుగైదు ప్రశ్నలయ్యాక “ఓడిపోయాం, ఆ సంఖ్య ఏమిటో చెప్పు” అని అడిగిస్తాను. అది 63 అంటుంది అనుకుందాం. అప్పుడు అదే జవాబును మళ్ళీ రాయించే బటన్ నొక్కమంటాను. ఈసారి 58 రావచ్చు, ఇంకోసారి నొక్కితే 67 రావచ్చు.

పిల్లలు ముందు నవ్వుతారు, తర్వాత మోసం అంటారు. అది మోసం కాదు. అక్కడ దాచుకున్న సంఖ్యే లేదు. “అనుకున్నాను” అనేది అలాంటి చోట సహజంగా వచ్చే వాక్యం కనుక వచ్చింది. చివర్లో సంఖ్య చెప్పమన్నప్పుడు, అంతవరకు తెర మీద ఉన్న మాటలకు సరిపోయే సంఖ్యను అప్పటికప్పుడు తయారుచేసింది. (కొన్ని కొత్త యాప్‌లు జవాబుకు ముందు కనిపించని చిత్తు రాసుకుంటాయి. ఆ చిత్తును తర్వాతి ప్రశ్నకు కూడా అందించే యాప్ అయితే సంఖ్య నిలకడగా ఉండవచ్చు. అక్కడ కూడా సంఖ్య ఉన్నది మనసులో కాదు, రాతలోనే.)

ఈ ఆటలో ఉన్నదాన్నే ఇంజనీర్లు ‘స్టేట్‌లెస్’ అంటారు. లాంగ్వేజ్ మోడల్‌కు శిక్షణ ఇచ్చేటప్పుడు దానిలోని కోట్లాది సంఖ్యలు మారుతూ వస్తాయి. శిక్షణ ముగిసి జనానికి అందుబాటులోకి వచ్చాక అవి అలాగే ఉండిపోతాయి. మనం ప్రశ్న వేసినప్పుడు ఒక్క సంఖ్య కూడా కదలదు. మన ప్రశ్న లోపలికి వెళ్తుంది, జవాబు మాట తర్వాత మాటగా బయటికి వస్తుంది, అంతటితో సరి. మనతో మాట్లాడిన గుర్తేదీ మోడల్‌లో మిగలదు.

ఇక్కడ ఎవరో ఒకరు చెయ్యి ఎత్తుతారు. “సార్, మరి ఇందాక నేను చెప్పింది దానికి గుర్తుంది కదా!”

గుర్తున్నట్టు కనిపించేలా చేసేది యాప్. మనం రెండో ప్రశ్న పంపినప్పుడు యాప్ ఆ ప్రశ్నను ఒక్కదాన్నే పంపదు. మొదటి ప్రశ్న, దానికి వచ్చిన జవాబు, ఇప్పటి ప్రశ్న, మూడింటినీ వరుసగా పేర్చి మొత్తం పంపుతుంది. తెర వెనక అది దాదాపు ఇలా ఉంటుంది:

```
[
 {"role": "user",
  "content": "a = 7, d = 4. 20 పదాల మొత్తం ఎంత?"},
 {"role": "assistant",
  "content": "మొత్తం 900."},
 {"role": "user",
  "content": "ఆ సూత్రం ఎలా వచ్చింది?"}
]
```

ఇందులో పైరెండూ తీసేసి చివరిది మాత్రమే పంపితే మోడల్ “ఏ సూత్రం?” అని అడుగుతుంది, లేదా తోచిన సూత్రం పట్టుకుని వివరిస్తుంది. పెద్దాసుపత్రిలో ఓపీకి వెళ్ళినప్పుడు ఒక్కోసారి ఒక్కో డాక్టరు ఉంటారు. మన రోగం సంగతి ఆయనకు తెలిసేది చేతిలో ఉన్న చీటీ వల్లే. చాట్‌లో ప్రతి ప్రశ్నకూ మోడల్ అలాంటి కొత్త డాక్టరే. చీటీలో ఉన్నదే దానికి తెలుసు.

చీటీ పెరిగే కొద్దీ భారం పెరుగుతుంది. ఒక్కో ప్రశ్న 50 మాటలు, ఒక్కో జవాబు 250 మాటలు అనుకుంటే, పదో ప్రశ్నతో పాటు వెళ్ళేవి 50 మాటలు కావు, 2,750. ఒకేసారి మోడల్ చదవగలిగిన పొడవుకు హద్దు ఉంది. 2020లో వచ్చిన జీపీటీ-3కి అది 2,048 టోకెన్లు. టోకెన్ అంటే మోడల్ మాటను విరగ్గొట్టుకునే ముక్క. ఇప్పటి మోడళ్ళ హద్దు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా తెలుగులో రాసేవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. ఎక్కువగా ఇంగ్లీషు రాతను చూసి తయారైన ముక్కల పట్టికల్లో తెలుగు మాట చిన్నచిన్న తునకలుగా విరుగుతుంది. అందువల్ల అదే సంగతి తెలుగులో రాస్తే చీటీ త్వరగా నిండుతుంది. నిండాక కొన్ని యాప్‌లు పాత మాటలను వదిలేస్తాయి, కొన్ని వాటిని క్లుప్తంగా కుదిస్తాయి. చాలాసార్లు ఆ సంగతి మనకు చెప్పరు. “నువ్వు నాకు తెలుగులోనే చెప్పాలి, జవాబు నేరుగా ఇవ్వొద్దు” అని మొదట్లో పెట్టిన షరతు చాలాసేపటికి గాలికి పోతే, కారణం ఇదీ కావచ్చు. హద్దు దాటకపోయినా, పొడవైన రాతలో మొదట్లో, చివర్లో ఉన్నవాటిని పట్టుకున్నంత బాగా మధ్యలో ఉన్నవాటిని మోడళ్ళు పట్టుకోలేకపోయాయని 2023లో పరిశోధకులు చూపించారు. తర్వాత వచ్చినవి మెరుగయ్యాయి గానీ, ముఖ్యమైన షరతును మధ్యమధ్యలో మళ్ళీ రాయడం ఇప్పటికీ మంచి అలవాటే.

హోంవర్క్‌కు వచ్చేసరికి ఈ సంగతి ఎక్కడ కొడుతుందో చూద్దాం. అంకశ్రేఢి లెక్క ఒకటి తీసుకోండి. మొదటి పదం 7, పదాంతరం 4. ఇరవయ్యో పదం ఎంత, మొదటి 20 పదాల మొత్తం ఎంత, 47 ఎన్నో పదం అన్నవి ప్రశ్నలు. ఒకమ్మాయి పుస్తకాన్ని ఫొటో తీసి పెట్టింది. నీడ పడి 4 సరిగా కనబడలేదు. మోడల్ దాన్ని 3గా చదివి, జవాబు మొదట్లోనే “ఇక్కడ a = 7, d = 3” అని రాసింది. ఆ అమ్మాయి ఆ పంక్తిని చూడకుండా దాటేసింది.

ఇక అన్నీ దాని వెంటే నడుస్తాయి. ఇరవయ్యో పదం 7 + 19 × 3, అంటే 64. మొత్తం 10 × (14 + 57), అంటే 710. సూత్రం సరైనదే, గుణకారం సరైనదే, అందుకే అనుమానం రాదు. మూడో ప్రశ్న దగ్గర బండి ఆగుతుంది. 47లోంచి 7 తీసేస్తే 40, అది 3తో భాగింపబడదు, కాబట్టి “47 ఈ శ్రేఢిలో లేదు” అంటుంది. పుస్తకం “ఎన్నో పదం” అని అడుగుతుంటే జవాబు “లేదు” అని వచ్చిందంటే, ఎక్కడో దత్తాంశమే తప్పు పడిందని పసిగట్టాలి.

చాలామంది పిల్లలు పసిగట్టరు. వెనక పేజీలో జవాబు చూసి “కాదు, 11వ పదం అవ్వాలి” అని రాస్తారు. వెంటనే “క్షమించండి, మీరు చెప్పింది నిజమే” అని, 11 వచ్చేలా ఏదో ఒక సాధన అల్లేసే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఇప్పుడు చీటీలో d = 3 ఉంది, 710 ఉంది, 11 కూడా ఉంది. వీటన్నిటికీ పొంతన కుదిరేలా అది రాయాలి. తర్వాత “d = 4” అని చెప్పినా పాత పంక్తులు చెరిగిపోవు. ప్రతి ప్రశ్నతోనూ మళ్ళీ లోపలికి వెళ్తూనే ఉంటాయి. ఒక్కోసారి మోడల్ చక్కగా దిద్దుకుంటుంది, ఒక్కోసారి కొత్త లెక్కలోకి పాత 710ని లాక్కొస్తుంది.

అలాంటప్పుడు వాదించడం టైము దండగ. కొత్త చాట్ తెరిచి, ఫొటో బదులు లెక్కను అక్షరాలా టైపు చేయాలి. లేదా చాలా యాప్‌లలో ఉండే సవరణ గుర్తు నొక్కి మొదటి సందేశాన్నే దిద్దాలి. అలా దిద్దితే దాని కింద నడిచిన తప్పుడు సంభాషణ తర్వాతి ప్రశ్నలతో వెళ్ళదు. అప్పుడు ఇరవయ్యో పదం 83, మొత్తం 900, 47 అనేది 11వ పదం అని వస్తాయి. మోడల్‌కు గుర్తుండదు అన్నది ఇక్కడ మనకు లాభం. పాత తప్పును వెంట తెచ్చుకోదు. ఫొటో పెట్టక తప్పకపోతే “ముందు లెక్కను ఉన్నదున్నట్టు రాసి చూపించు, సాధించొద్దు” అని అడిగి, పుస్తకంతో పోల్చుకున్నాకే ముందుకు పోవాలి.

ఇంకో సంగతి, సంఖ్యల ఆటలాంటిదే. “జవాబు మాత్రమే చెప్పు” అని అడిగి, తర్వాత “ఎలా వచ్చింది?” అంటే వచ్చే వివరణ, ముందు జరిగిన ఆలోచనకు నకలు అని నమ్మడానికి లేదు. చీటీలో కనబడుతున్న జవాబుకు సరిపోయేలా అది అప్పుడు రాస్తున్న వివరణ. జవాబు తప్పయితే తప్పును సమర్థించే వివరణ కూడా అంతే నమ్మకంగా రాగలదు. అందుకని సోపానాలు ముందు, జవాబు చివర అని అడగాలి. రాసిన ప్రతి సోపానం తర్వాతి మాటకు ఆధారంగా చీటీలో చేరుతుంది. సోపానాలు రాయిస్తే పెద్ద మోడళ్ళు లెక్కలు మెరుగ్గా చేస్తాయని 2022లో గూగుల్ పరిశోధకులు చూపించారు. పరీక్షకు ముందు దానితో ప్రశ్నలు అడిగించుకునేటప్పుడూ అంతే. “చివర్లో నా స్కోరు చెప్పు” అంటే లెక్క తప్పవచ్చు. ప్రతి జవాబు తర్వాత “స్కోరు: 4/6” లాంటి పంక్తి రాయమంటే ఆ సంఖ్య చీటీలో ఉంటుంది.

“మా యాప్‌కు మెమరీ ఉంది సార్” అనే పిల్లలూ ఉంటారు. నిజమే, చాట్‌జీపీటీలో ఈ ఏర్పాటును 2024 ఫిబ్రవరిలో కొందరికి ఇచ్చి పరీక్షించడం మొదలుపెట్టారు, తర్వాత ఇతర యాప్‌లలోనూ వచ్చింది. అది కూడా మోడల్ మారడం కాదు. “పదో తరగతి, తెలుగు మీడియం” లాంటి చిన్న నోట్సును, లేదా పాత చాట్‌ల నుంచి ఏరిన ముక్కలను, యాప్ కొత్త చీటీలో ముందుగానే అంటిస్తుంది. యాప్ రాసిపెట్టుకున్న ఆ నోట్సును సెట్టింగ్స్‌లో చూసి తప్పులుంటే తీసేయవచ్చు. గత నెల నువ్వు గుర్తుల దగ్గర ఎన్నిసార్లు తడబడ్డావో ఆ నోట్సులో ఉంటుందని మాత్రం ఆశపెట్టుకోవద్దు. అది నీ లెక్కల నోట్‌బుక్‌లో ఉండాలి, లేదా మీ సార్‌కు తెలిసి ఉండాలి.

మోడల్ మరిచిపోతుంది కదా అని ఇంటి అడ్రసు, మార్కుల మెమో, ఆధార్ కార్డు ఫొటో పెట్టే పిల్లలకు ఇది విడిగా చెప్పాలి. మరిచేది మోడల్. సంభాషణ మాత్రం కంపెనీ సర్వర్లలో నిల్వ ఉంటుంది, సెట్టింగును బట్టి రేపటి మోడల్ శిక్షణకూ వాడుకోవచ్చు.

టీచర్లకు, తల్లిదండ్రులకు నాదొక విన్నపం. పిల్లలు చాట్‌బాట్ సాయంతో చేసిన హోంవర్క్ తెచ్చినప్పుడు చివరి జవాబు చూసి ఊరుకోకండి. చాట్‌ను పైకి జరిపి మొదటి సందేశం చూపించమనండి, అందులో లెక్క సరిగా ఎక్కిందో లేదో పుస్తకం పక్కన పెట్టి చూడండి.