వరుస లేకున్నా దొరికే శిఖరం

రెండు పక్కల సంఖ్యలకన్నా పెద్దదాన్ని శిఖరం అంటారు. చివరి సంఖ్యకైతే ఒక పక్క చూస్తే చాలు. 2, 9, 4, 1, 5, 7, 3 తీసుకోండి. ఇవి క్రమంలో లేవు. అయినా బైనరీ సెర్చ్ పనిచేస్తుంది.

మధ్యలో 1 ఉంది, దాని కుడిపక్క 5 పెద్దది. కాబట్టి కుడి సగానికే వెళ్తాం. అక్కడ మధ్యలో 7, పక్కన 5, 3. శిఖరం దొరికింది.

ఎడమ సగాన్ని ధైర్యంగా ఎలా వదిలాం? కుడికి ఎక్కడం మొదలైంది. ఆ ఎక్కుడు ఎక్కడో ఆగి దిగాలి, లేదా చివరిదాకా సాగాలి. ఆగినచోటే శిఖరం. అంటే క్రమం అక్కర్లేదు, శిఖరం ఉన్న సగమేదో తెలిస్తే చాలు. పది లక్షల సంఖ్యలున్నా సుమారు 20 అడుగులే.

అయితే అన్నిటికన్నా పెద్దదైన 9 మనకు దొరకలేదని గమనించండి. పక్కపక్కన సమాన సంఖ్యలుంటే ఈ పద్ధతిని నమ్మకండి.