గో ఆట: అప్పట్లో 2 పాయింట్లతో గెలిచాడు.. ఇప్పటి రూల్ ఉంటే ఓడిపోయేవాడే! 'కొమి' లెక్క ఏంటంటే?

పిల్లలు ఆడుకునేటప్పుడు మరీ చిన్నవాడిని 'ఆటలో అరటిపండు' అంటాం. వాడూ ఆడతాడు, కానీ వాడి ఔటు లెక్కలోకి రాదు. జపాన్, చైనా, కొరియాల్లో పెద్దవాళ్లు కూడా సీరియస్‌గా ఆడే 'గో'లో పద్ధతి వేరు. బలహీనంగా ఆడేవాడు ముందే కొన్ని రాళ్లు బోర్డు మీద పెట్టుకోవచ్చు. దీన్నే హ్యాండిక్యాప్ అంటారు. ఆ తర్వాత ఎలాంటి కన్సెషన్ ఉండదు. గెలుపు గెలుపే, ఓటమి ఓటమే.

మరి ఎన్ని రాళ్లు ఇస్తే ఆట సమానం అవుతుంది? అసలు ఒక రాయి విలువ ఎంత?

ముందు ఆట గురించి రెండు ముక్కలు. బోర్డు మీద అడ్డంగా 19, నిలువుగా 19 గీతలు ఉంటాయి. గీతలు కలిసే చోట ఒకరు నల్ల రాయి, ఇంకొకరు తెల్ల రాయి మార్చి మార్చి పెడతారు. పెట్టిన రాయి కదలదు. చివరికి ఎవరి రాళ్లు ఎక్కువ ఖాళీ స్థలాన్ని చుట్టుముడితే వాళ్లదే గెలుపు. మొదటి ఎత్తు నల్ల రాళ్లవాడిది.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఇద్దరూ సమాన ఉజ్జీలైనా సరే, ముందు ఆడేవాడికి సుమారు 7 పాయింట్ల లాభం ఉంటుంది. అందుకే ఆట చివర్లో తెల్ల రాళ్లవాడికి పరిహారంగా కొన్ని పాయింట్లు కలుపుతారు. అదే కొమి. ఇప్పుడు జపాన్, కొరియాల్లో ఇది 6.5. పాయింట్లు లెక్కపెట్టే పద్ధతి కాస్త వేరుగా ఉండే చైనాలో 7.5. చివర్లో ఆ అర ఎందుకంటారా? బోర్డు మీద అర పాయింట్ ఎక్కడా రాదు కాబట్టి ఆట డ్రా అయ్యే ఛాన్స్ ఉండదు.

17 ఏళ్ల కుర్రాడు.. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి!

కొమి పాత రూల్ అనుకుంటే పొరపాటే. జపాన్‌లో వందల ఏళ్ల పాటు అసలు లేదు. 1846లో ఒసాకాలో జరిగిన ఆటలే చూడండి. షుసాకు అప్పటికి 17 ఏళ్ల కుర్రాడు, 4వ డాన్. ఎదురుగా ఉన్నది ఇనోవే ఘరానా పెద్ద గెన్నన్ ఇన్‌సెకి, 8వ డాన్. అంత తేడా ఉంది కాబట్టి మొదట కుర్రాడికి 2 రాళ్ల హ్యాండిక్యాప్ ఇచ్చారు. కానీ ఆట నడుస్తుండగానే పెద్దాయనకు సీన్ అర్థమైపోయింది. ఈ కుర్రాడికి 2 రాళ్లు ఇచ్చి గెలవడం తన వల్ల కాదు! ఆ ఆట అక్కడితో ఆపేశారు.

తర్వాత హ్యాండిక్యాప్ లేకుండా, షుసాకు నల్ల రాళ్లతో ముందు ఆడేలా మళ్లీ కూర్చున్నారు. ఆ ఆటలో షుసాకు వేసిన 127వ ఎత్తు చాలా ఫేమస్. ఆ రాయి పడగానే గెన్నన్ చెవులు ఎర్రబడటం పక్కనే చూస్తున్న ఓ వైద్యుడు గమనించాడని చెబుతారు. అందుకే దానికి 'చెవులు ఎర్రబడ్డ ఆట' అని పేరు. 325 ఎత్తుల తర్వాత షుసాకు గెలిచాడు. తేడా కేవలం 2 పాయింట్లు.

ఇప్పటి 6.5 కొమి ఉండి ఉంటే? అదే స్కోరుకు షుసాకు 4.5 పాయింట్ల తేడాతో ఓడిపోయినట్టే! అయితే ఒక మాట. కొమి ఉందని తెలిస్తే అతను ఆ ఆట అలా ఆడేవాడే కాదు. 2 పాయింట్ల ఆధిక్యం చాలు అనుకున్నప్పుడు నల్ల రాళ్లవాడు రిస్క్ తీసుకోడు, జాగ్రత్తగా ముగించేస్తాడు. కొమి వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. టోర్నీల్లో అది 4.5 నుంచి 5.5కి చేరింది. 5.5 ఇచ్చినా నల్ల రాళ్లవాళ్లే కాస్త ఎక్కువ గెలుస్తున్నారని తేలడంతో 2000ల మొదట్లో జపాన్ దాన్ని 6.5 చేసింది.

ఒక రాయి అంటే ఎన్ని పాయింట్లు?

కొమిని బట్టే రాయి విలువ కూడా తెలిసిపోతుంది. ముందు ఆడితే సుమారు 7 పాయింట్ల లాభం. అదే ఎదుటివాడిని ముందు ఆడనిస్తే 7 పాయింట్ల నష్టం. అంటే ఒక్క ఎత్తు అటు నుంచి ఇటు మారితే మొత్తం తేడా 14. ఆట మొదట్లో ఒక పూర్తి రాయి విలువ సుమారు ఇదే.

ఇప్పుడు 2 రాళ్ల హ్యాండిక్యాప్ చూద్దాం. నల్ల రాళ్లవాడు రెండు రాళ్లు పెట్టేశాక తెల్ల రాయి ఆట మొదలుపెడుతుంది. నిజానికి ఇది నల్లవాడు ఒకటి ఆడాడు, తెల్లవాడు తన వంతు వదిలేశాడు, నల్లవాడు ఇంకోటి ఆడాడు అన్నట్టే. మొదటి ఎత్తుకు 7, వదిలేసిన వంతుకు 14, మొత్తం 21. అంటే పేరుకు 2 రాళ్లు, లెక్కలో మాత్రం ఒకటిన్నరే!

క్లబ్బుల్లో ఇది తేడా కొడుతుంది. అమెచ్యూర్ ఆటగాళ్లకు క్యూ ర్యాంకులు ఉంటాయి, నంబరు తగ్గేకొద్దీ ఆట బాగా వచ్చినట్టు. ఒక్కో ర్యాంకు తేడాకు ఒక్కో రాయి అన్నది పద్ధతి. ఉదాహరణకు 7వ క్యూ ఆటగాడు 4వ క్యూ ఆటగాడితో ఆడితే 3 రాళ్లు పెట్టుకుంటాడు. కొమి ఉండదు, డ్రా కాకుండా తెల్లవాడికి 0.5 మాత్రం ఇస్తారు. మూడు ర్యాంకుల తేడా అంటే 42 పాయింట్లు. కానీ 3 రాళ్ల వల్ల నిజంగా దక్కేది 35 పాయింట్లే. మిగతా 7 పాయింట్లు తెల్లవాడి వైపే ఉండిపోతాయి. నిక్కచ్చిగా సమానం కావాలంటే ఆ 7 పాయింట్లను నల్లవాడికే ఇవ్వాలి. దీన్ని రివర్స్ కొమి అంటారు. చాలామంది ఈ లెక్క పట్టించుకోరు. గురువుకు ఆ మాత్రం మొగ్గు ఉంటే ఏం పోయిందిలే అన్నట్టు సాగిపోతుంది.

ఇవన్నీ సగటు లెక్కలే సుమా! ఎక్కువ రాళ్లున్నా గొడవకు భయపడి మూల కూర్చునేవాడికి వాటి విలువ సగం కూడా దక్కదు.

తప్పు లెక్క అని ఎలా తెలుస్తుంది?

ఒక్క ఆటతో తెలియదు. పాత జపాన్‌లో దీనికి పది ఆటల మ్యాచ్ ఉండేది. ఒకరు 4 ఆటల ఆధిక్యం సాధిస్తే అక్కడికక్కడే షరతు మార్చేవారు. 1939లో కామకురాలో గో సెయిగెన్, కితాని మినోరు సమానంగా మొదలుపెట్టారు. ఆరు ఆటలయ్యేసరికి స్కోరు 5-1. ఇక కితాని మూడు ఆటల్లో రెండింటికి నల్ల రాళ్లు తీసుకోవాల్సి వచ్చింది. కొమి లేని ఆ రోజుల్లో నల్ల రాళ్లే చిన్న హ్యాండిక్యాప్. అయితే టాప్ ఆటగాడికి అది బహిరంగంగా ఒక మెట్టు దిగడమే. అందుకే ఈ మ్యాచ్‌లంటే హేమాహేమీలకు కూడా గుండె దడ.

మొబైల్‌లో 9 గీతల చిన్న బోర్డు మీద ఆడేవాళ్లు ఒకటి గమనించాలి. అక్కడ రాయి ఇవ్వడం చాలా పెద్ద మాట, ఒక్కటి ఎక్కువైనా ఆట ఏకపక్షం అయిపోతుంది. ముందు నల్లవాడికి కొమి తీసేసి చూడండి. ఇంకా ఓడిపోతూనే ఉంటే 3, 5 పాయింట్లు రివర్స్ కొమి ఇవ్వండి. రాయి జోలికి ఆ తర్వాతే వెళ్లండి.