సీతాకోకచిలుక క్లిప్పు ఎవరిది?

2025 సెప్టెంబర్‌లో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌తోనూ మన థియేటర్లకు వచ్చింది. ఆ సినిమాలోవో, అంతకుముందు వచ్చిన సిరీస్‌లోవో బొమ్మలు వాట్సాప్ స్టేటస్‌లలో కనిపిస్తూనే ఉంటాయి. చాలావాటికి కింద పేరుండదు. జుట్టులో సీతాకోకచిలుక క్లిప్పు, ఒంటి మీద సీతాకోకచిలుక రెక్కల్లాంటి రంగుల పైవస్త్రం ఉన్న అమ్మాయి బొమ్మ ఒకటి వచ్చిందనుకుందాం. కథ కొంచెం తెలిసినవాళ్లు చూడగానే ‘షినోబు’ అనేస్తారు. తరచూ అది సరైన జవాబే. కానీ ఈ కథలో అలాంటి క్లిప్పు పెట్టుకునేవాళ్లు ఒక్కరు కాదు, ఏడుగురు. షినోబు, ఆమె అక్క కనాయె, వాళ్లు చేరదీసిన కనావొ, గాయపడినవాళ్లకు సేవలు చేసే ఆవోయి, ఆమెకు సాయంగా ఉండే కియో, సుమి, నాహో అనే ముగ్గురు చిన్నపిల్లలు. వీళ్లందరూ ‘బటర్‌ఫ్లై మాన్షన్’ అనే ఇంటికి చెందినవాళ్లు. క్లిప్పు ఆ ఇంటి గుర్తు మాత్రమే. స్కూల్ యూనిఫాం చూస్తే ఏ బడో తెలుస్తుంది తప్ప ఏ పిల్లో తెలియదు కదా, ఇదీ అంతే.

అందుకే పేరు కంటే ముందు సిరీస్ తేల్చుకోవాలి. కత్తి, కిమోనో కనిపించినంత మాత్రాన డీమన్ స్లేయర్ అయిపోదు. ‘బ్లీచ్’లోనూ కత్తులుంటాయి, నల్ల దుస్తుల మీద తెల్లటి హావొరి వేసుకున్న కెప్టెన్లుంటారు. జపనీయులు కిమోనో మీద కోటులా వేసుకునే వదులైన వస్త్రాన్నే హావొరి అంటారు. తేడా లోపలి దుస్తుల్లో ఉంది. బ్లీచ్‌లో లోపల వేసుకునేది గుండీల్లేని నల్ల కిమోనో. డీమన్ స్లేయర్‌లో మాత్రం పొట్టి నిలువు కాలరు, ముందు వరసగా గుండీలు ఉన్న ముదురు రంగు యూనిఫాం. ఈ కథ జరిగేది 1912–26 నాటి తైషో కాలంలో. పడమటి తరహా యూనిఫాం, దాని మీద పాతకాలపు హావొరి, నడుముకు కత్తి ఒకే మనిషి మీద కనిపిస్తాయి. వెనక్కి తిరిగి నిలబడినప్పుడు యూనిఫాం వీపు మీద నాశనం అనే అర్థమిచ్చే జపనీస్ అక్షరం ఒకటి పెద్దగా ఉంటుంది. హావొరి వేసుకుంటే అది మరుగున పడుతుంది. కాబట్టి అక్షరం కనిపించలేదని సిరీస్ కాదనుకోకూడదు.

సిరీస్ తేలాక జుట్టు చూడాలి. చాలామంది రంగు చూస్తారు, చూడాల్సింది ఆకారం. ఎనిమేషన్‌లో రాత్రి సీను వస్తే బొమ్మ మొత్తం మీద నీలం పరుచుకుంటుంది, మంటల పక్కనైతే నారింజ రంగు. షినోబు జుట్టు నలుపుగా మొదలై కొసల దగ్గర ఊదా రంగులోకి మారుతుంది. చీకటి సీనులో ఆ ఊదా కనిపించకపోవచ్చు. దాని మీద ఇన్‌స్టా ఫిల్టర్ కూడా పడితే రంగును నమ్మడం మరీ కష్టం. ముడి ఎక్కడ వేశారు, ఎన్ని పాయలు, ఎంత పొడవు అన్నవి మాత్రం వెలుతురుతో మారవు.

ఆ లెక్కన చూస్తే వీళ్లు తేలిగ్గానే విడిపోతారు. షినోబు జుట్టును తల వెనక పొట్టిగా ముడేసి, అక్కడే ఒక్క క్లిప్పు పెడుతుంది. కనావొది ఒక పక్కకు తీసి కట్టిన జడ, ఆ కట్టు దగ్గర ఒక క్లిప్పు. ఆవోయికి రెండు వైపులా రెండు పిలకలు, రెండు నీలం క్లిప్పులు. కనాయె జుట్టు పొడవుగా వదిలేసి ఉంటుంది, తలకు అటొకటి ఇటొకటి క్లిప్పులు. ముగ్గురు చిన్నపిల్లలను వయసును బట్టే పోల్చుకోవచ్చు. అంటే క్లిప్పు ఉందా లేదా అన్నదానికన్నా ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి అన్నదే ఎక్కువ చెబుతుంది.

తర్వాత బట్టలు. కనావొకు హావొరి ఉండదు. యూనిఫాం, కింద గౌను, భుజాల మీద తెల్లటి పొట్టి కేప్. ఆవోయి యూనిఫాం మీద తెల్లటి ఏప్రన్ కట్టుకుంటుంది. ఇక మన బొమ్మలోని రెక్కల రంగుల హావొరి దగ్గరే అసలు చిక్కు ఉంది. అది మొదట కనాయెది. కథ మొదలయ్యే నాటికే ఆమె ఒక రాక్షసుడి చేతిలో చనిపోయింది. అక్క హావొరిని చెల్లెలు షినోబు వేసుకుంటోంది. కాబట్టి గతంలోని సీనులో అదే వస్త్రం అక్క ఒంటి మీద కనిపిస్తుంది. హావొరి ఒక్కదాన్నే చూసి ‘షినోబు’ అంటే, సరిగ్గా అలాంటి సీనులోనే తప్పుతాం. ఈ కథలో ఇలా చేతులు మారిన వస్తువులు ఇంకా ఉన్నాయి. తంజిరో చెవిపోగులు వాళ్ల నాన్న చెవులకూ కనిపిస్తాయి, అంతకు ముందు తరాల నాటి యొరీచికీ కనిపిస్తాయి. గియూ హావొరిలో ఒక సగం వాళ్ల అక్కది, ఇంకో సగం స్నేహితుడిది.

ఇప్పుడు మన స్క్రీన్‌షాట్‌కు వద్దాం. అమ్మాయి వెనక్కి తిరిగి ఉంది, రాత్రి సీను, రెక్కల హావొరి, తలకు ఒక వైపు క్లిప్పు కనిపిస్తోంది, జుట్టు వీపు మీదికి జారింది. హావొరిని బట్టి ఇద్దరే మిగిలారు. షినోబు అయితే జుట్టు వెనక ముడిలో ఉండాలి, క్లిప్పు ఆ ముడి మీద ఉండాలి. ఇక్కడ రెండూ లేవు. కాబట్టి కనాయె. ఊహ కుదిరిందా అని మాత్రమే చూస్తే చాలదు, ఊహ నిజమైతే తప్పనిసరిగా ఉండాల్సింది లేకుండా పోయిందా అనీ చూడాలి. ముఖం కనిపించకపోయినా కత్తి కనిపిస్తే ఇంకో ఆధారం దొరుకుతుంది. రాక్షసుల తల నరికేంత బలం షినోబుకు లేదు, విషంతో చంపుతుంది. అందుకే ఆమె కత్తికి మామూలు పదును ఉండదు. మధ్యంతా సన్నటి చువ్వలా ఉండి, కొన మాత్రమే కత్తిలా ఉంటుంది. కనావొ చేతిలో అయితే ఒక నాణెం కనిపించవచ్చు. ఏ పని చేయాలో తేల్చుకోలేనప్పుడు ఆమె దాన్ని ఎగరేస్తుంది.

బొమ్మ పెట్టి వెతికే సైట్లు ఉన్నాయిగా అనవచ్చు. trace.moe అలాంటిదే. స్క్రీన్‌షాట్ ఇస్తే ఏ సిరీస్, ఏ ఎపిసోడ్, ఎన్నో నిమిషం అన్నది చూపిస్తుంది. దానికి కావాల్సింది ఎనిమేషన్ నుంచి నేరుగా తీసిన ఫ్రేము. అంచులు బాగా కత్తిరించినా, కుడి ఎడమలు తిప్పేసినా, అభిమానులు గీసిన బొమ్మ అయినా సరైన ఫలితం రాకపోవచ్చు. పైగా అది చెప్పేది సీను గురించి, మనిషి గురించి కాదు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఉన్న సీను దొరికితే, ఎవరు ఎవరో మళ్లీ మనమే తేల్చాలి. ఆ నిమిషం తెరిచి ముందూ వెనకా నాలుగు సెకన్లు చూస్తే ముఖమో, పిలిచిన పేరో దొరుకుతుంది. బొమ్మ తిప్పేసిందేమోనని అనుమానం వస్తే కిమోనో మెడ దగ్గర చూడాలి. బతికున్నవాళ్లు కిమోనో ఎడమ అంచును పైకి వచ్చేలా కట్టుకుంటారు. కుడి అంచు పైకి వస్తే చనిపోయినవాళ్లకు చుట్టే పద్ధతి. తెర మీద మామూలు మనిషికి అలా కనిపిస్తే చాలావరకు బొమ్మ తిరగబడినట్టే.

ఇవన్నీ అసలు కథలోని సీన్లకు పనికొస్తాయి. ‘కిమెత్సు అకాడమీ’ పేరుతో ఇవే పాత్రలను ఈ కాలపు బడిలో పెట్టిన సరదా కథలున్నాయి. అందులో కనాయె బతికే ఉంది, పాఠాలు చెప్పే టీచరు. అక్కడ కత్తులూ యూనిఫాంలూ పోతాయి, జుట్టు, క్లిప్పులు మాత్రం మిగులుతాయి. ఫ్యాన్ ఆర్ట్‌లో అయితే గీసినవాళ్ల ఇష్టం, ఒకరి బట్టలు ఇంకొకరికి వేసేస్తారు. అలాంటప్పుడు ఇది ఏ రకం బొమ్మో ముందు చెప్పి, తర్వాతే పేరు చెప్పాలి. ముఖం, జుట్టు, క్లిప్పు అన్నీ కత్తిరించేసి హావొరి అంచు ఒక్కటే మిగిల్చిన స్క్రీన్‌షాట్ వస్తే, సరైన జవాబు ‘షినోబు లేదా కనాయె’. అంతకు మించి ఆ బొమ్మలో ఏమీ లేదు.